ఆరబెట్టే యంత్రం మీద సుంకమే లేదు, అయినా ధర పెరిగింది

కొన్నేళ్లు దిగుమతుల లెక్కలు చూసే ఉద్యోగం చేశాను. నా బల్ల మీదికి వచ్చే ప్రతి కాగితంలోనూ అవే గళ్లు ఉండేవి. సరుకు విలువ, ఓడ కిరాయి, బీమా, ఆ మూడింటి మొత్తం మీద సుంకం. అన్నిటికన్నా కింద ఒక చిన్న గడి, సుంకం చెల్లించేవారి పేరు. ఆ గడిలో సరుకు పంపిన విదేశీ కంపెనీ పేరు నాకు ఒక్కసారీ కనబడలేదు. ఎప్పుడూ సరుకు తెప్పించుకున్న మా కంపెనీ పేరే. అందుకే ఏ దేశపు నాయకుడైనా వేదికెక్కి "ఈ సుంకం విదేశీయుల చేత కట్టిస్తున్నాం" అంటే నాకు ఆ గడే కళ్లముందు మెదులుతుంది.

అలాగని ఆ గడి మొత్తం కథ చెబుతుందనీ అనను. డబ్బు ఎవరు కట్టారన్నది ఒక సంగతి, భారం చివరికి ఎవరి మీద పడిందన్నది మరో సంగతి. అమ్మేవాడు బేరం పోతుందన్న భయంతో తన ధర తగ్గించుకుంటే భారంలో కొంత అతని మీద పడుతుంది. తెప్పించుకున్నవాడు లాభం తగ్గించుకుంటే అతని మీద పడుతుంది. ఇద్దరూ తగ్గకపోతే కొనేవాడి మీద పడుతుంది. ఇవేవీ ఊహించి తేల్చేవి కావు, ధరలు చూసి తేల్చవలసినవి. అలా చూడటానికి చక్కగా వీలిచ్చిన ఉదాహరణ ఒకటుంది. అమెరికా 2018లో వాషింగ్ మెషీన్ల మీద వేసిన సుంకం అది.

ఆ కథకు ముందు కథ కూడా ఉంది. అమెరికాలో గృహోపకరణాలు తయారుచేసే వర్ల్‌పూల్ కంపెనీ, కొరియా కంపెనీలైన శాంసంగ్, ఎల్‌జీ మరీ తక్కువ ధరకు అమ్ముతున్నాయని చాలాకాలంగా ఫిర్యాదు చేస్తూ వచ్చింది. ముందు దక్షిణ కొరియా, మెక్సికోల నుంచి వచ్చే యంత్రాల మీద సుంకం పడింది. తయారీ చైనాకు తరలింది. తర్వాత చైనా నుంచి వచ్చేవాటి మీద పడింది. తయారీ థాయిలాండ్, వియత్నాంలకు తరలింది. ఆ రెండు విడతల్లోనూ దుకాణంలో ధరలు పెద్దగా పెరగలేదు. ఒక దేశానికి తలుపు మూస్తే సరుకు పక్క దేశం తలుపు నుంచి వస్తుంది, అంతే. కంపెనీకి కర్మాగారం తరలించే ఖర్చు, కొనేవాడికి దాదాపు పాత ధర, ఫిర్యాదు చేసినవాడికి నిరాశ.

దాంతో మూడోసారి దాదాపు అన్ని దేశాలనూ కలిపి కట్టేశారు. 2018 ఫిబ్రవరి నుంచి మొదటి ఏడాది, దిగుమతయ్యే మొదటి 12 లక్షల యంత్రాల మీద 20 శాతం, ఆపైన వచ్చే ప్రతి యంత్రం మీద 50 శాతం సుంకం. ఈసారి తరలిపోవడానికి చోటు లేదు. ధరలు కదిలాయి.

ఎంత కదిలాయో ఆరన్ ఫ్లాయెన్, అలీ హోర్టాచ్సు, ఫెలిక్స్ టింటెల్‌నాట్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. వాషింగ్ మెషీన్ ధర దాదాపు 12 శాతం, అంటే ఒక్కోదానికి సుమారు 86 డాలర్లు పెరిగింది. విదేశీ బ్రాండ్లే కాదు, స్వదేశీ బ్రాండ్లు కూడా ధర పెంచాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. పోటీదారు ధర పెంచక తప్పని పరిస్థితిలో పడితే, తన ధర పాతచోటే ఉంచేంత దానగుణం ఏ వ్యాపారికీ ఉండదు. అసలు సుంకం ఉద్దేశమే అది కదా! స్వదేశీ తయారీదారు ఎక్కువ ధరకు అమ్ముకునే వీలు కల్పించడమే రక్షణ అంటే. "స్వదేశీ పరిశ్రమను కాపాడతాం, ధరలు మాత్రం పెరగనివ్వం" అని సుంకం గురించి ఎవరైనా అంటే, ఆ రెండు మాటల్లో ఒకటి తప్పయి ఉండాలి.

ఆశ్చర్యమంతా ఆరబెట్టే యంత్రం దగ్గరుంది. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ల మీద సుంకం వేయలేదు. అయినా వాటి ధర కూడా ఇంచుమించు అంతే, ఒక్కోదానికి సుమారు 92 డాలర్లు పెరిగింది. కారణం దుకాణంలో నిలబడి చూస్తే అర్థమవుతుంది. అక్కడ ఈ రెండు యంత్రాలనూ జంటగా కొంటారు, జంటగా అమ్ముతారు, చాలా సందర్భాల్లో రెంటికీ ఒకే ధర చీటీ అంటిస్తారు. ఉతికే యంత్రం మీద మాత్రమే భారమంతా మోపితే ఆ చీటీ కంట్లో పొడుచుకుంటుంది. రెంటి మీదా పంచితే ఎవరి కంటా పడదు. సుంకం పట్టికలో లేని వస్తువు కూడా సుంకం కట్టింది. కట్టింది అన్నానే గానీ, ఆ డబ్బు ఖజానాకు చేరలేదు. అమ్మినవాడి దగ్గరే ఉండిపోయింది.

ఇక మొత్తాలు. ఈ పెరుగుదల వల్ల కొనుగోలుదారులు ఏడాదికి అదనంగా చెల్లించింది సుమారు 150 కోట్ల డాలర్లు. సుంకంగా ప్రభుత్వానికి వచ్చింది సుమారు 8 కోట్ల 20 లక్షలు. కొత్తగా వచ్చాయని లెక్కవేసిన ఉద్యోగాలు 1,800. సుంకం ఆదాయం మినహాయించినా ఒక్కో ఉద్యోగానికి ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు కొనుగోలుదారుల జేబుల్లోంచి పోయినట్టు. ఆ ఉద్యోగాల్లోనూ అధిక భాగం ఫిర్యాదు చేసిన కంపెనీలో రాలేదు. ఎవరి మీద ఫిర్యాదు చేశారో ఆ ఇద్దరే సౌత్ కరోలినాలోనూ, టెనెసీలోనూ కొత్త కర్మాగారాలు తెరిచారు, ఎక్కువ ఉద్యోగాలు వాటిలోవే. ఆ కర్మాగారాల ప్రకటన సుంకం రాకముందే, 2017లోనే వెలువడింది కాబట్టి వాటిని పూర్తిగా సుంకం ఖాతాలో వేయడం మీద కూడా వాదించవచ్చు. సుంకం రాబోతోందన్న వాసన పట్టే వాళ్లు ప్రకటించారని ఎదుటి పక్షం అంటుంది. అదీ కొట్టిపారేయలేని మాటే.

ఇదంతా చెప్పాక, "సుంకం కాకుండా ఆ పరిశ్రమకు నేరుగా డబ్బిస్తే?" అని నా పాత సహోద్యోగి ఒకాయన అడిగారు. ఆయన సబ్సిడీలంటే మండిపడే మనిషి. ఆ ప్రశ్న వెటకారంగానే అడిగారు. నేను మాత్రం కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆ కాగితం మీది లెక్క ఇక్కడ మళ్లీ వేస్తాను. అంకెలు నేను కల్పించినవే, తేలికగా తెగేవి ఎంచుకున్నాను.

ఒక వస్తువు ప్రపంచ మార్కెట్లో 100కు దొరుకుతుంది. ఆ ధరకు దేశంలో 100 అమ్ముడుపోతాయి. అందులో స్వదేశీ కర్మాగారాలు చేసేవి 30, బయటి నుంచి వచ్చేవి 70. ఇప్పుడు 20 సుంకం వేశారు, ధర 120 అయింది. కొందరు కొనడం మానేశారు, అమ్మకం 90కి తగ్గింది. ఎక్కువ ధర వస్తోంది కాబట్టి స్వదేశీ కర్మాగారాలు 50 చేశాయి. దిగుమతి 40కి పడిపోయింది. కొన్న 90 మంది తలా 20 చొప్పున 1,800 ఎక్కువ కట్టారు. మానేసిన పదిమందికి జరిగిన నష్టం, ఒక్కొక్కరికి సగటున 10 చొప్పున 100 అనుకుందాం. వెరసి కొనుగోలుదారుల నష్టం 1,900.

ఆ 1,900 ఎక్కడికి పోయింది? దిగుమతైన 40 మీద 20 చొప్పున 800 ఖజానాకు. పాత 30 వస్తువుల మీద ఊరికే వచ్చిన 600, కొత్తగా చేసిన 20 మీద సగటున 10 చొప్పున 200, కలిపి 800 కర్మాగారాలకు. రెండూ కూడితే 1,600. మిగతా 300 ఎవరికీ అందలేదు. అందులో 200, బయట 100కు దొరికేదాన్ని అంతకన్నా ఎక్కువ ఖర్చుతో ఇక్కడ చేసినందుకు కరిగిపోయింది. 100, కొనాలనుకుని మానేసినవారి కొరతగా మిగిలింది.

ఇప్పుడు సుంకం తీసేసి, స్వదేశంలో చేసిన ప్రతి వస్తువుకూ 20 సబ్సిడీ ఇచ్చాం. కర్మాగారం చేతికి వచ్చేది మునుపటిలాగే 120. అది మునుపటిలాగే 50 చేస్తుంది, మునుపటిలాగే 800 లాభపడుతుంది. కొనేవాడికి మాత్రం ధర 100 దగ్గరే ఉంది. అమ్మకం 100 దగ్గరే ఉంది. ఖజానాకు ఖర్చు 50 వస్తువులకు 20 చొప్పున 1,000. ఎవరికీ అందకుండా పోయింది 200 మాత్రమే. అదే పరిశ్రమ, అదే రక్షణ, అన్నే ఉద్యోగాలు. కానీ సుంకంలో ఖజానాకు వచ్చిన 800 తీసేసి చూసినా, 1,100 భారం బదులు 1,000 భారం.

సహోద్యోగి కాగితం చూసి, "మరైతే ప్రతి ప్రభుత్వమూ సుంకమే ఎందుకు పట్టుకు వేలాడుతుంది?" అన్నారు. అసలు విషయం అక్కడే ఉంది. సుంకంలో ఖజానాకు 800 వస్తుంది, సబ్సిడీలో ఖజానా నుంచి 1,000 పోతుంది. దేశం మొత్తానికి ఏది చవకో అది ఆర్థికమంత్రి పద్దులో ఖరీదైనదిగా కనిపిస్తుంది. సబ్సిడీకి బడ్జెట్‌లో ఒక వరుస రాయాలి, దాని మీద ఏటా చర్చ జరగాలి, ప్రతిపక్షం అడగాలి. సుంకం వల్ల కొనుగోలుదారు మోసే 1,900కు ఏ పద్దులోనూ వరుస ఉండదు. అది ధర చీటీలో కలిసిపోతుంది. ఆ చీటీలో వస్తువు ఖరీదెంతో, పక్కవాడి రక్షణకు చందా ఎంతో విడదీసి చెప్పేవారు లేరు.

ఈ వాదానికి ఒక హద్దు ఉంది, దాచను. ఆ 1,000 పన్నుల రూపంలో వసూలు చేయాలి. పన్ను వసూలు యంత్రాంగం బలహీనంగా ఉన్న దేశంలో, రేవు దగ్గర నిలబడి వసూలు చేయగలిగే సుంకమే నమ్మదగిన ఆదాయం. అమెరికాయే 19వ శతాబ్దమంతా ఎక్కువగా సుంకాల మీద ఆధారపడి నడిచింది. శాశ్వతంగా నిలిచిన ఆదాయపు పన్ను అక్కడ 1913లో గానీ రాలేదు. వసూలు చేయలేని పన్నుతో ఇవ్వలేని సబ్సిడీని, కాగితం మీద బాగుందని సిఫారసు చేయడంలో అర్థం లేదు. కానీ ఆదాయపు పన్ను, అమ్మకం పన్ను చక్కగా వసూలు చేసుకునే దేశాలకు ఆ సాకు లేదు.

భారం ఎవరి మీద పడుతుందన్నది కూడా ఇక్కడే తేలుతుంది. ఆదాయంలో చాలా భాగం సరుకులకే ఖర్చుపెట్టే కుటుంబానికి సుంకం నిష్పత్తిలో ఎక్కువ తగులుతుంది. సబ్సిడీకి డబ్బు ఆదాయపు పన్ను నుంచి వస్తే పై తరగతివారు ఎక్కువ మోస్తారు. ఒకే కర్మాగారాన్ని నిలబెట్టడానికి బిల్లు ఎవరికి పంపాలో ఎంచుకోవడమే ఇది.

సుంకంలో మరో చిక్కు, ఒకరికి రక్షణ అయినది మరొకరికి ముడిసరుకు. వాషింగ్ మెషీన్ల సుంకం వచ్చిన రెండు నెలల్లోపే, 2018 మార్చిలో అమెరికా ఉక్కు మీద 25 శాతం సుంకం వేసింది. యంత్రం ఒళ్లంతా ఉక్కు రేకే. పై అంకెలతోనే చూద్దాం. 100కు అమ్మే వస్తువులో 60 ముడిసరుకు అనుకుంటే, కర్మాగారానికి జీతాలకూ లాభానికీ మిగిలేది 40. సుంకంతో అమ్మకం ధర 120 అయితే మిగిలేది 60. బయటికి 20 శాతంగా కనబడే రక్షణ లోపల 50 శాతం అన్నమాట. ఆ ముడిసరుకు మొత్తం మీద 25 శాతం సుంకం పడితే ఖర్చు 75కు ఎక్కుతుంది, మిగిలేది 45. రక్షణ దాదాపు ఆవిరి. అమ్మే వస్తువుకు సుంకం రక్షణ లేకుండా ముడిసరుకు మీద మాత్రమే సుంకం పడిన కర్మాగారానికైతే 40లో 25 మాత్రమే మిగులుతుంది. ఉక్కు చేసేవారికన్నా ఉక్కుతో ఏదో ఒకటి చేసేవారు ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా వారి గొంతు వినబడదు, ఎందుకంటే వారి నష్టం వందల రకాల కర్మాగారాల్లో తలా కాస్త పంచుకుపోతుంది.

ఇంతవరకు చదివినవారికి నేను సబ్సిడీల భక్తుణ్ననిపించవచ్చు. కాదు. సబ్సిడీ ఎవరి పేరున ఇస్తారో వారి దగ్గర ఆగదు, కదలలేనిదాని దగ్గరికి పారిపోతుంది. వ్యవసాయంలో కదలలేనిది భూమి.

న్యూజిలాండ్ ఇందుకు తేటతెల్లమైన ఉదాహరణ. అక్కడ 1978 నుంచి గొర్రెల పెంపకందారులకు ప్రభుత్వం కనీస ధరకు పూచీ ఇచ్చింది. మార్కెట్ ధర తగ్గితే తేడా తానే కట్టింది. గొర్రెల సంఖ్య 1982 నాటికి 7 కోట్లకు చేరింది. కొన్ని గొర్రెలను మార్కెట్ కోసం కాక పథకం కోసం పెంచారనే చెప్పాలి. డబ్బు గొర్రె పేరున వచ్చినా గొర్రె మేసేది భూమి మీద. ఒక పొలం మీద పథకం వల్ల ఏటా 1,000 అదనంగా వస్తుందని కొనేవాడికి తెలిస్తే, వడ్డీ 5 శాతం ఉన్న రోజుల్లో ఆ పొలానికి 20,000 ఎక్కువ పెట్టడానికైనా వెనకాడడు. ఆ 20,000 అమ్మినవాడు పట్టుకుపోతాడు. కొన్నవాడికి ఆ తర్వాత ఏటా వచ్చే 1,000 లాభమేమీ కాదు, తాను ముందే కట్టేసిన డబ్బుకు వడ్డీ మాత్రమే.

1984లో వచ్చిన ప్రభుత్వం, ఆర్థికమంత్రి రోజర్ డగ్లస్ ఆధ్వర్యంలో ఈ పథకాలను చకచకా ఎత్తేసింది. భూముల ధరలు దబ్బున పడ్డాయి. దెబ్బ తిన్నది పథకం మొదట్లో లాభపడి అమ్ముకుపోయిన పెద్దలు కాదు, పెరిగిన ధరకు అప్పు చేసి ఆలస్యంగా కొన్న కుర్ర రైతులు. రాజధానిలో రైతులు ఊరేగింపులు తీశారు. చివరికి కొందరి అప్పుల్లో కొంత భాగం మాఫీ చేయవలసి వచ్చింది. పది శాతం మంది రైతులు పొలాలు వదులుకుంటారని ముందు భయపడ్డారు, వదులుకున్నది నూటికి ఒకరు. ఇప్పుడక్కడ గొర్రెలు 3 కోట్ల లోపే, కానీ వ్యవసాయ ఎగుమతుల్లో ఆ దేశం పేరు ఏమీ తగ్గలేదు. ఎత్తివేత గెలిచిందని అందరూ చెబుతారు. నిజమే. కానీ ఆ నూటికి ఒకరు ఎవరన్నది నాకు ముఖ్యం. పథకం అనుభవించినవారు వేరు, దాని ఎత్తివేతకు మూల్యం చెల్లించినవారు వేరు.

కాబట్టి నా వాదం ఇది. కాపాడాలని నిర్ణయించుకుంటే సుంకం కన్నా సబ్సిడీ మేలు, కానీ దానికి గడువు మొదటిరోజే రాసిపెట్టాలి. గడువు తెలిస్తే దాన్ని భూమి ధరలోకీ, కర్మాగారం వాటాల ధరలోకీ పూర్తిగా ఎక్కించుకోలేరు. నాలుగేళ్లలో పోయే 1,000కి ఎవరూ 20,000 ఎక్కువ ఇవ్వరు. నిజం చెప్పాలంటే వాషింగ్ మెషీన్ల సుంకంలో నాకు నచ్చినదొక్కటే, దానికి గడువు ఉంది. 20, 50 శాతాలు రెండో ఏడాది 18, 45కీ, మూడో ఏడాది 16, 40కీ తగ్గాలని మొదటే రాశారు. మధ్యలో రెండేళ్లు పొడిగించినా, 2023 ఫిబ్రవరిలో అది ముగిసింది.

గడువు రాయని సుంకం ఎలా ఉంటుందో చూడాలంటే అదే దేశంలో 1964కు వెళ్లాలి. ఐరోపా దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయని కోపం వచ్చి, అమెరికా బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న సరుకు రవాణా వాహనాల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల తగాదా ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. మిగతా మూడింటి మీదా ఆ సుంకం కాలక్రమంలో తొలగిపోయింది. వాహనాల మీద మాత్రం మిగిలిపోయింది, ఎందుకంటే అప్పటికి దాని నీడన పెరిగిన స్వదేశీ వాహన కంపెనీలు దాన్ని వదులుకోలేని స్థితికి వచ్చాయి.

ఆ నీడన పెరిగినవాటిలో ఒకటైన ఫోర్డ్ కంపెనీయే, 2009 నుంచి తన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను టర్కీ నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. అప్పట్లో సరుకు వాహనమైతే సుంకం 25 శాతం, మనుషులెక్కేదైతే 2.5 శాతం. అందుకని ప్రతి వ్యాన్‌కూ వెనక సీట్లు బిగించి, బెల్టులు తగిలించి ఓడెక్కించేవారు. బాల్టిమోర్ రేవులో దిగి కస్టమ్స్ దాటగానే ఆ సీట్లు ఊడబీకి, వెనక కిటికీల స్థానంలో రేకు బిగించి, సరుకు వాహనంగా అమ్మేవారు. ఎవరూ ఒక్కసారైనా కూర్చోని ఆ సీట్లు నేరుగా తుక్కులోకి పోయేవి. కస్టమ్స్ శాఖ 2013లో ఇది కుదరదంది. కేసు పై కోర్టుల దాకా నడిచింది. 2024లో ఫోర్డ్ 36 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. 25 శాతం సుంకం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది.